అత్యవసర సెలవు ఇచ్చిన మేనేజర్‌కు జవాబుగా ఏం రాయాలి?

ప్రశ్న: నేను పాశమైలారంలో ఒక మాత్రల ఫ్యాక్టరీలో స్టోర్స్‌లో చేస్తాను. నిన్న సోమవారం రాత్రి మా నాన్న బాత్రూంలో జారిపడ్డారు, తుంటి ఎముక విరిగింది, కరీంనగర్‌లో ఆసుపత్రిలో చేర్చారు. రాత్రి 11 గంటలకు మేనేజర్ గారికి సెలవు కావాలని వాట్సాప్ పెడితే వెంటనే "సరే వెళ్ళు, ఇక్కడ మేం చూసుకుంటాం" అన్నారు. దండం బొమ్మ ఒకటి పెట్టి బస్సెక్కేశాను. ఆయనకు సరిగ్గా థాంక్స్ చెప్పలేదని మనసులో పీకుతోంది. ఇప్పుడు ఏమని రాయాలి? పెద్దగా రాస్తే బాగోదేమో, చిన్నగా రాస్తే లెక్కలేనట్టు ఉంటుందేమో అని టెన్షన్‌గా ఉంది. మా దగ్గర మెసేజ్‌లు తెలుగులోనే పెట్టుకుంటాం.

జవాబు:

ముందు నాన్నగారి దగ్గర ఉండాల్సిన పని చూసుకోండి. ఆయనకు ఇంజెక్షన్ ఇచ్చి కాస్త నిద్రపట్టాక, వరండాలోకి వచ్చి ఐదు నిమిషాల్లో రాసేయగలిగిన మెసేజ్ ఇది. కాకపోతే ఉదయం 9 లోపు పంపగలిగితే మంచిది. ఫ్యాక్టరీల్లో చాలాచోట్ల జనరల్ షిఫ్ట్ మొదలయ్యాక ప్రొడక్షన్ మీటింగ్ ఉంటుంది. అక్కడ మీ మేనేజర్‌ను అడిగే మొదటి ప్రశ్న "స్టోర్స్‌లో ఈ రోజు ఎవరున్నారు?" అని. ఆ ప్రశ్నకు జవాబు మీ మెసేజ్‌లో ఆయన చేతికి అందాలి. నేను ఇరవై ఏళ్ళకు పైగా ఫ్యాక్టరీల టైమ్ ఆఫీసులోనూ పర్సనల్ డిపార్ట్‌మెంట్‌లోనూ పనిచేశాను. సెలవు ఇచ్చిన వాళ్ళ పక్కన కూర్చుని, ఆ తర్వాత జరిగేవన్నీ చూశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

మీ మేనేజర్ మీకు నిజంగా ఇచ్చింది ఏమిటో ఒకసారి చూడండి. పాత ఫ్యాక్టరీల చట్టం, 1948 నాటిది, ఆర్జిత సెలవుకు 15 రోజుల ముందు దరఖాస్తు పెట్టుకోవాలంది. కంపెనీల్లో ఇప్పటికీ అదే అలవాటు నడుస్తోంది. మీరు ఒక రోజు ముందు కూడా చెప్పలేకపోయారు. ఆయన ఎన్ని రోజులని అడగలేదు, కాగితం అడగలేదు, రేపటి మనిషి ఎవరని అడగలేదు. ఆ మూడు ప్రశ్నలూ తన నెత్తిన వేసుకుని మిమ్మల్ని బస్సెక్కనిచ్చారు. కాబట్టి మీ థాంక్స్‌లో గట్టిదనం ఎక్కడి నుంచి వస్తుందంటే, ఆయన అడగకుండా వదిలేసిన ఆ మూడింటికీ మీరే జవాబు ఇవ్వడం నుంచి. "మీ రుణం తీర్చుకోలేను సార్", "మీరు దేవుడు సార్" అని పది వాక్యాలు రాసినా ఆయనకు మీటింగ్‌లో చెప్పడానికి ఏమీ దొరకదు. పైగా ఆయన మళ్ళీ మీకే ఫోన్ చేయాల్సి వస్తుంది. అప్పుడు మీరు డాక్టర్ ముందు నిలబడి ఉండవచ్చు.

నిన్న రాత్రి మీరు పెట్టిన దండం బొమ్మ గురించి బాధపడకండి. బస్సు అందుకునే హడావుడిలో అంతకంటే ఎవరూ రాయలేరు, మేనేజర్లు కూడా అది తప్పుగా తీసుకోరు. దాన్ని అందినట్టు చెప్పిన మొదటి జవాబు అనుకోండి. అసలు జవాబు ఇప్పుడు వెళ్ళేది.

మీ విషయంలో నేనైతే ఇలా రాస్తాను:

"నమస్తే సార్. రాత్రి అంత పొద్దుపోయాక కూడా వెంటనే చూసి వెళ్ళమన్నారు. దానివల్ల తెల్లవారేసరికి నాన్న పక్కన ఉండగలిగాను. చాలా థాంక్స్ సార్.

నాన్నకు తుంటి ఎముక విరిగింది. రేపు ఆపరేషన్ అంటున్నారు.

ఈ రోజు మంగళవారం నుంచి గురువారం వరకు 3 రోజులు క్యాజువల్ లీవ్‌గా రాసుకోమంటారా సార్? శుక్రవారం జనరల్ షిఫ్ట్‌కు వస్తాను. ఇంకా రోజులు కావాల్సి వస్తే గురువారం సాయంత్రం 4 లోపు మీకు చెబుతాను.

రేపు రావాల్సిన ఫాయిల్ లారీ గురించి బి షిఫ్ట్ స్టోర్‌కీపర్‌తో మాట్లాడాను, చూసుకుంటానన్నారు. ఆర్డర్ కాపీ నా టేబుల్ ఎడమ సొరుగులో నీలం ఫైల్లో ఉంది. తాళాలు రోజూలాగే సెక్యూరిటీ దగ్గర ఉన్నాయి.

ఇక్కడ ఫోన్ సైలెంట్‌లో ఉంటుంది సార్. మధ్యాహ్నం 1కి, సాయంత్రం 6కి మెసేజ్‌లు చూసి జవాబు ఇస్తాను."

ఇంతే. లారీ, ఫైలు, షిఫ్ట్ నేను ఊహించి రాసినవి, మీ దగ్గర ఉన్నవి పెట్టుకోండి. స్టోర్‌కీపర్ అన్నచోట ఆయన పేరు రాయండి. ఫోన్ తెరమీద ఒకసారి వేలితో పైకి జరిపితే అయిపోయేంత పొడవు ఇది. మీరు భయపడ్డట్టు పెద్దదీ కాదు, లెక్కలేనట్టు కనిపించేంత చిన్నదీ కాదు. ఇందులో ఒక్కో ముక్క ఎందుకుందో చెబుతాను, అప్పుడు మీ పరిస్థితిని బట్టి మీరే మార్చుకోగలరు.

మొదటి పేరాలో "సెలవు ఇచ్చినందుకు ధన్యవాదాలు" అని లేదు. గమనించారా? సెలవు మీ ఖాతాలో ఉన్నదే, ఆయన జేబులోంచి ఇచ్చింది కాదు. ఆయన చేసిన మేలు వేరు. అర్ధరాత్రి దగ్గర పడుతున్న వేళ ఫోన్ చూశారు, ప్రశ్నలు వేయకుండా పంపారు, దానివల్ల మీరు సమయానికి చేరారు. చేసిన పనీ, దానివల్ల జరిగిన మంచీ ఒకే వాక్యంలో చెబితే థాంక్స్ ఆ మనిషికే అందుతుంది, ఎవరికైనా పెట్టే మెసేజ్‌లా ఉండదు. మన భాషలో ఇంట్లో వాళ్ళకు, దగ్గరివాళ్ళకు థాంక్స్ అని చెప్పే అలవాటు తక్కువ. "మీరు ఉన్నారు కాబట్టి సరిపోయింది" అంటాం, అదే మన థాంక్స్. ఆ తీరు ఇక్కడ బాగా కుదురుతుంది. మాట ఏది వాడాలన్న సందేహం ఉంటే, మీరు ఆయనతో రోజూ ఎలా మాట్లాడతారో అలాగే రాయండి. రోజూ "థాంక్స్ సార్" అనే మనిషి ఈ రోజు హఠాత్తుగా "హృదయపూర్వక కృతజ్ఞతాభివందనములు" అంటే ఎవరో రాసిచ్చినట్టు ఉంటుంది. ఆఫీసు ఈమెయిల్ అయితే "ధన్యవాదాలు" బాగానే ఉంటుంది.

నాన్నగారి ఆరోగ్యం గురించి రెండే వాక్యాలు ఉన్నాయి: ఏమైంది, తర్వాత ఏం చేస్తున్నారు. మేనేజర్‌కు అంతే కావాలి. కొంతమంది ఎక్స్‌రే ఫొటోలు, మంచం మీద పడుకున్న ఫొటోలు కూడా పంపుతారు, నమ్మరేమో అన్న భయంతో. దయచేసి పంపకండి. ఆ ఫొటో మేనేజర్ నుంచి హెచ్‌ఆర్‌కు, అక్కడి నుంచి ఏదో గ్రూపులోకి వెళ్ళడం నేను చూశాను. నాన్నగారి గౌరవం మీ చేతిలో ఉంది. ఎప్పుడైనా ఆధారం అడిగితే డిశ్చార్జ్ అప్పుడు ఇచ్చే సమ్మరీ కాగితం సరిపోతుంది, దాని నకలు ఒకటి దాచుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైనది తేదీల వాక్యం. మీ మేనేజర్ "సరే వెళ్ళు" అన్నారు. ఎన్ని రోజులో ఆయన అనలేదు, మీరూ అడగలేదు. ఆయన మనసులో రెండు రోజులు ఉండవచ్చు, మీ మనసులో వారం ఉండవచ్చు. ఇద్దరూ మంచివాళ్ళే అయినా ఇక్కడే మాట పట్టింపులు మొదలవుతాయి. "మూడోరోజు వస్తాడనుకున్నాను" అని ఆయన, "చూసుకుంటామన్నారు కదా" అని మీరు. అందుకని వారం పేరుతో సహా, మొదటి రోజూ చివరి రోజూ తిరిగి వచ్చే రోజూ రాయాలి. "మూడు రోజులు" అని మాత్రం రాస్తే సోమవారం రాత్రి నుంచి లెక్కా, మంగళవారం నుంచి లెక్కా అన్న సందేహం మిగిలిపోతుంది. ఆయన పెట్టని గడువును "మీరు చెప్పినట్టుగా" అని ఆయన నోట్లో పెట్టకండి. "రాసుకోమంటారా సార్?" అని అడిగితే ఆయన "సరే" అని ఒక్క ముక్క కొడతారు. ఆ ఒక్క ముక్కతో మీ సెలవుకు రాతపూర్వకమైన ఆధారం దొరికినట్టే.

ఆ ఆధారం ఎందుకంత ముఖ్యమో టైమ్ ఆఫీసులో కూర్చున్నవాళ్ళకు తెలుస్తుంది. నోటిమాటతో సెలవు ఇచ్చిన మేనేజర్ ఆ సంగతి మాకు చెప్పడం మరచిపోతారు, పాపం ఆయన పనుల్లో ఆయన ఉంటారు. మస్టర్‌లో ఆ మనిషి పేరుకు ఎదురుగా గైర్హాజరు పడుతుంది. నెలాఖరుకు జీతాల లెక్క మూసేలోపు ఎవరూ సరిచేయకపోతే అది లాస్ ఆఫ్ పే అవుతుంది. ఒకతను తల్లిని ఐసీయూలో పెట్టుకుని నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. తిరిగి వచ్చాక చూస్తే నాలుగు రోజుల జీతం కోత. మేనేజర్ ఇచ్చిన సెలవే, కానీ ఎక్కడా రాత లేదు. ఆ డబ్బు మరుసటి నెల జీతంలో కలిసింది, నిజమే. కానీ మందుల షాపులో అప్పు పెట్టిన నెలలో ఆ నాలుగు రోజుల కోత అతనికి ఎంత బరువైందో నేను ఎదురుగా చూశాను. అప్పటి నుంచి నోటిమాట సెలవు దొరికిన ప్రతివాళ్ళకూ ఒకటే చెబుతున్నాను: థాంక్స్ చెప్పే మెసేజ్‌లోనే తేదీలు రాయండి అని. మీ కంపెనీలో సెలవుల యాప్ ఉంటే వీలైనప్పుడు అందులో కూడా పెట్టండి. లేకపోతే తిరిగి వచ్చిన రోజే లీవ్ లెటర్ ఇచ్చి, ఈ మెసేజ్ చూపించండి.

సెలవు పేరు కూడా సరిగ్గా పడాలి. ఆసుపత్రి అన్నారు కదా అని చాలామంది సిక్ లీవ్ అని రాసేస్తారు. చాలా కంపెనీల్లో సిక్ లీవ్ అంటే ఉద్యోగికి జబ్బు చేస్తే వాడుకునేది. తండ్రికి బాగోలేక మీరు ఆగిపోతే అది క్యాజువల్ లీవ్, అది అయిపోతే ఆర్జిత సెలవు. మీకు ఈఎస్ఐ ఉంటే ఇది ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. మీమీద ఆధారపడ్డ తల్లిదండ్రులకు ఈఎస్ఐ వైద్యం అందుతుంది కానీ, జబ్బు రోజులకు ఇచ్చే జీతం డబ్బులు కార్డు ఉన్న మనిషి తానే జబ్బు పడితేనే. ఏ పేరు రాయాలో తెలియకపోతే "ఏ లీవ్ కింద పెట్టాలో చెప్పండి సార్" అని అడిగేయండి, అది తప్పేమీ కాదు.

ఇక పని అప్పగింత. మీరు పంపే ముందు బి షిఫ్ట్ ఆయనకు ఒక్క నిమిషం ఫోన్ చేయండి. "లారీ ఆయన చూసుకుంటారు" అని మేనేజర్‌కు రాసి, అసలు ఆయనకు చెప్పకపోతే, మీటింగ్‌లో ఆయన నోరు వెళ్ళబెడతారు, మీకు సాయం చేయాల్సిన మనిషి మీమీద కోపంగా ఉంటారు. మెసేజ్‌లో పనులన్నీ ఏకరువు పెట్టనక్కర్లేదు. మీరు లేని రోజుల్లో ఆగిపోయేది ఏదో అది మాత్రం రాయండి. స్టోర్స్‌లో సాధారణంగా అవి మూడే ఉంటాయి: రావాల్సిన సరుకు, కాగితం ఉన్న చోటు, తాళాలు. మిగతావి మీరు వచ్చేదాకా ఆగుతాయి.

ఒక్కటి మాత్రం ఎంత హడావుడిలో ఉన్నా చేయకండి. మీ కంప్యూటర్ లాగిన్, పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకండి. సాయం చేసిన మనిషికి పని తేలిక చేద్దామన్న మంచి ఉద్దేశంతోనే కొందరు "నా పాస్‌వర్డ్ ఇదీ" అని థాంక్స్ మెసేజ్‌లోనే రాసి పంపుతారు. మందుల ఫ్యాక్టరీలో ఇది చాలా పెద్ద తప్పు. మీరు కరీంనగర్‌లో ఉన్న రోజున పాశమైలారంలో మీ పేరుతో సరుకు ఇచ్చినట్టు రికార్డు పడుతుంది. గేటు దగ్గరి హాజరును, కంప్యూటర్ రికార్డును ఆడిటర్ పక్కపక్కన పెట్టి చూస్తే దొరికిపోతుంది. అప్పుడు మీరూ, మీకు సాయం చేసినాయనా, సెలవు ఇచ్చిన మేనేజరూ ముగ్గురూ సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఎవరికి అధికారం ఉందో వాళ్ళ లాగిన్‌తోనే చేసుకోనివ్వండి, ఆ ఏర్పాటు మేనేజర్ చేయగలరు.

ఫోన్ గురించిన చివరి రెండు వాక్యాలు రాయడానికి మీకు మొహమాటంగా ఉంటుంది, నాకు తెలుసు. ఆయన అంత మేలు చేస్తే "ఈ టైములోనే చూస్తాను" అనడమా అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను. నా మొదటి ఉద్యోగంలో మా అమ్మకు ఆపరేషన్ అయితే సెలవు ఇచ్చారని పొంగిపోయి, "ఎప్పుడైనా ఫోన్ చేయండి సార్, ఏ టైమైనా పర్వాలేదు" అన్నాను. వాళ్ళు నా మాట నమ్మారు, చేశారు. వాళ్ళ తప్పు లేదు. మరుసటి రోజు రక్తం ఎక్కించాలా వద్దా అని డాక్టర్ గారు చెబుతుంటే నేను పక్కకు వెళ్ళి ఒక పాత గేట్ పాస్ నంబర్ వెతికి చెప్పాను. తిరిగి వచ్చేసరికి డాక్టర్ వెళ్ళిపోయారు. అమ్మ "ఏమన్నార్రా?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు సాయంత్రం దాకా మళ్ళీ డాక్టర్ దొరకలేదు. రోజుకు రెండుసార్లు చూస్తానని చెప్పి ఆ రెండుసార్లూ తప్పకుండా చూసే మనిషి, ఎప్పుడైనా సరే అని చెప్పి ఎత్తని మనిషి కంటే ఆఫీసుకు ఎక్కువ ఉపయోగపడతాడు. టైములు మాత్రం ఆసుపత్రిని బట్టి పెట్టుకోండి. డాక్టర్లు రౌండ్స్‌కు వచ్చే వేళ వదిలేయండి. నిజంగా ఆగని పని వస్తే మీ తమ్ముడి నంబరో బావమరిది నంబరో ఒకటి ఇవ్వవచ్చు, వాళ్ళు మీకు చెబుతారు.

ఈ మెసేజ్‌లో పెట్టకూడనిది ఇంకొకటి ఉంది. జీతం అడ్వాన్స్. ఆపరేషన్ అంటే డబ్బు అవసరం పడుతుంది, అడగడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ థాంక్స్‌తో కలిపి అడిగితే, పైన రాసిన థాంక్స్ అంతా ఈ అడగడం కోసమే అన్నట్టు కనిపిస్తుంది. పని పరంగా చూసినా నష్టమే. సెలవుకు మీ మేనేజర్ మాట చాలు, అడ్వాన్స్‌కు అకౌంట్స్ వాళ్ళు, పైవాళ్ళు ఒప్పుకోవాలి. రెండూ ఒకే మెసేజ్‌లో ఉంటే "కనుక్కుని చెబుతాను" అని ఆయన మొత్తానికే జవాబు ఆపేస్తారు, మీ తేదీలకు రావాల్సిన "సరే" కూడా ఆగిపోతుంది. ఆ అవసరం ఉంటే ఒక పూట ఆగి విడిగా రాయండి. ఎంత కావాలి, ఎన్ని నెలల్లో కోసుకోవచ్చు అన్నది అందులో చెప్పండి.

ఇప్పుడు గురువారం సాయంత్రం 4 అన్న మాట దగ్గరికి వస్తాను, మీ విషయంలో అదే అసలు ఉపయోగపడేది. తుంటి ఎముకకు వీలైతే ఒకటి రెండు రోజుల్లోనే ఆపరేషన్ చేస్తారు. ఆపరేషన్ రోజున మీరు బయట కూర్చోవడం తప్ప చేయగలిగింది తక్కువ. అసలు పని తర్వాత మొదలవుతుంది. మరుసటి రోజో ఆ పై రోజో వాకర్ పట్టించి నిలబెడతారు. కొన్ని రోజులకు, ఆరోగ్యాన్ని బట్టి వారం దాకా పట్టవచ్చు, ఇంటికి పంపుతారు. ఇంట్లో మంచం ఎత్తు చూడాలి, బాత్రూంలో పట్టుకునే కడ్డీ వేయించాలి, ఎత్తు కమోడ్ కుర్చీ తేవాలి, రాత్రిళ్ళు లేపి నడిపించాలి. ఒక మనిషి తప్పనిసరిగా కావాల్సింది ఆ మొదటి నాలుగైదు రోజులు. చాలామంది ఉన్న సెలవులన్నీ ఆసుపత్రి వరండాలో ఖర్చు పెట్టేసి, తీరా నాన్నను ఇంటికి తెచ్చిన రోజు డ్యూటీకి వెళ్ళాల్సి వస్తుంది.

అందుకని బుధవారం ఆపరేషన్ అయ్యాక రౌండ్స్‌కు వచ్చిన డాక్టర్ గారిని ఒక్క ప్రశ్న అడగండి: "ఇంటికి ఎప్పుడు పంపుతారు?" ఆ జవాబు పట్టుకుని ఇంట్లో వాళ్ళతో కూర్చోండి. ఆసుపత్రిలో శుక్ర, శనివారాలు అక్కయ్యో తమ్ముడో ఉండగలరా, మీరు డిశ్చార్జ్ రోజు నుంచి ఉండవచ్చా అని లెక్క వేసుకోండి. గురువారం మేనేజర్‌కు వెళ్ళే మెసేజ్ అప్పుడు ఇలా ఉంటుంది:

"సార్, నాన్నకు ఆపరేషన్ బాగా జరిగింది, ఈ రోజు నిలబెట్టారు. రేపు శుక్రవారం చెప్పినట్టే డ్యూటీకి వస్తాను. సోమవారం ఇంటికి పంపుతామన్నారు. ఇంట్లో చూసుకునే మనిషి కావాలి కాబట్టి సోమవారం నుంచి బుధవారం వరకు 3 రోజులు ఆర్జిత సెలవు అడుగుతున్నాను. శుక్ర, శనివారాల్లో పెండింగ్ పనులు పూర్తిచేసి వెళ్తాను సార్."

ఇది చదివిన మేనేజర్‌కు మీరు సెలవును వాడుకునే తీరు కనిపిస్తుంది. అడిగిన సెలవుకు నాలుగు రోజుల ముందే చెప్పారు, మధ్యలో రెండు రోజులు వస్తున్నారు, ఎందుకో చెప్పారు. ఇలాంటి రెండో అడుగుడును కాదన్న మేనేజర్లను నేను చాలా తక్కువగా చూశాను. అదే శుక్రవారం ఉదయం షిఫ్ట్ మొదలయ్యాక "ఇంకో రెండు రోజులు సార్" అని పెట్టి, ఆదివారం రాత్రి "ఇంకో రెండు" అని పెడితే, ఎంత మంచి మనిషికైనా విసుగొస్తుంది, ఎందుకంటే ప్రతిసారీ ఆయన షిఫ్ట్ చార్ట్ మళ్ళీ రాయాలి. అటు శనివారం, ఇటు సోమవారం సెలవు పెట్టాల్సి వస్తే మధ్యలో ఆదివారాన్ని కూడా సెలవుగా లెక్కపెడతారేమో టైమ్ ఆఫీసులో ముందే కనుక్కోండి. కొన్ని కంపెనీల్లో అలా లెక్కపెడతారు, సెలవు రకాన్ని బట్టి కూడా మారుతుంది.

ఒకవేళ శుక్రవారం రావడం ఏమాత్రం వీలుపడదని బుధవారం రాత్రే తెలిసిపోతే గురువారం 4 దాకా ఆగకండి, అప్పుడే చెప్పండి. మీరు రాయలేని స్థితిలో ఉంటే మీ తమ్ముడి చేత అయినా ఫోన్ చేయించండి. మాట్లాడేది మీరే కావాలని ఎవరూ పట్టుబట్టరు.

మేనేజర్ మీ మెసేజ్‌కు "సరే" అంటే మళ్ళీ థాంక్స్ అక్కర్లేదు. "నాన్న జాగ్రత్త, ఇంకేమైనా కావాలంటే చెప్పు" అని మనసుపెట్టి రాస్తే "తప్పకుండా సార్" అన్న ఒక్క మాట చాలు. బి షిఫ్ట్ ఆయనకు మాత్రం విడిగా థాంక్స్ చెప్పండి. ఈ మూడు రోజులూ ఒంటిమీద వేసుకుని మోసేది ఆయన. మేనేజర్‌కు చెబితే ఆయనకూ చేరుతుందనుకుంటారు చాలామంది, చేరదు.

శుక్రవారం డ్యూటీలోకి వెళ్ళగానే మేనేజర్ గదికి ఒక నిమిషం వెళ్ళిరండి. నిలబడే చెప్పండి: "నాన్న వాకర్ పట్టుకుని నాలుగు అడుగులు వేశారు సార్. ఆ రాత్రి మీరు వెంటనే పంపారు కాబట్టి పక్కన ఉండగలిగాను." తర్వాత లీవ్ లెటర్ టేబుల్ మీద పెట్టి సంతకం తీసుకోండి. ఊరి గుడి ప్రసాదం తెస్తే అందరితో పాటు ఆయనకూ పెట్టండి, అంతకు మించి స్వీట్ బాక్సులు, బట్టలు లాంటివి వద్దు, ఆయన్ను ఇబ్బంది పెట్టినట్టు అవుతుంది. ఆ లెటర్ నకలు మీద టైమ్ ఆఫీసు ముద్ర వేయించుకుని మీ దగ్గర పెట్టుకోండి, నెలాఖరుకు జీతం స్లిప్పులో ఆ మూడు రోజులూ క్యాజువల్ లీవ్‌గా పడ్డాయో లేదో సరిచూసుకోండి.

నాన్నగారు త్వరగా లేచి తిరగాలని కోరుకుంటున్నాను. ఆపరేషన్ అయ్యాక ఎలా ఉన్నారో వీలు చూసుకుని ఒక మాట రాయండి.